చెరుకు రసం తాగే ముందు బకెట్ చూడండి

చెరుకు బండి దగ్గర చేతికొచ్చే గ్లాసులో చెరుకు రసం ఒక్కటే ఉండదు. నిమ్మకాయ, అల్లం సరే, అవి మనం అడిగి వేయించుకున్నవే. అడగకుండా వచ్చేవి వేరే ఉన్నాయి. ఎక్కడో ఐసు ఫ్యాక్టరీలో ఏ నీళ్లతోనో గడ్డకట్టిన దిమ్మలోంచి ఒక ముక్క, పొద్దుటి నుంచి మిషను రోలర్లకు పట్టిన జిగురు, చెక్కు తీసిన కత్తికీ, గడ తోసిన చేతికీ, రసం వడకట్టిన జల్లెడకూ అంటుకున్నది. అన్నిటికంటే చివర, మనకంటే ముందు తాగినవాళ్ల గ్లాసులన్నీ ముంచి తీసిన బకెట్ నీళ్ల చెమ్మ. కడుపు పాడైతే నింద చెరుకు మీదకు పోతుంది గానీ, తెగులు లేని గడ లోపల రసం చాలావరకు శుభ్రంగానే ఉంటుంది. దాన్ని పాడుచేసేవన్నీ బయటినుంచి వచ్చి చేరేవే.

పక్కనే ఉన్న చాట్ బండి సంగతీ అంతే. పూరీ సలసల కాగిన నూనెలో వేగింది. బఠాణీలు కుక్కర్లో ఉడికాయి. ఆలుగడ్డ ఉడికింది. అక్కడిదాకా భయం లేదు. ఆ తర్వాత దానిమీద పడే పుదీనా నీళ్లు, పచ్చి ఉల్లిపాయ, కొత్తిమీర, పెరుగు, కలిపే చెయ్యి, పెట్టే ప్లేటు వీటిలో ఏదీ మళ్లీ పొయ్యి ఎక్కదు. బండి దగ్గర నిలబడి ఏది తినొచ్చో తేల్చుకోవాలంటే వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: చివరిసారి సెగ తగిలాక దీనికి ఏమేం తగిలాయి, ఎంతసేపైంది?

పొయ్యి ఎక్కని పానీయం

పాలు కాస్తాం, టీ మరిగిస్తాం. చెరుకు రసాన్ని మాత్రం పిండింది పిండినట్టే తాగేస్తాం. అందులో తీపి నూటికి పదిహేను పాళ్ల దాకా ఉంటుంది, పులుపు దాదాపు ఉండదు. సూక్ష్మజీవులు పెరగడానికి అంతకంటే అనువైన ద్రవం అరుదు. చక్కెర మిల్లులవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. గడ కొట్టాక ఆలస్యమైన కొద్దీ కొసల్లోంచి ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా లోపలికి చేరి తీపిని తినేసి జిగటగా మారుస్తుంది. అందుకే కొట్టిన చెరుకును వీలైనంత తొందరగా గానుగాడాలని తొందరపడతారు. బండి మీది రోలర్లను ఎండ వేళ రెండు మూడు గంటలు కడగకుండా వదిలేస్తే వేలికి తగిలే జారుడు జిగురులో ఇలాంటివే ఉంటాయి.

పిండిన రసం కాసేపటికే నల్లబడటం అందరూ చూసే ఉంటారు. కోసిన వంకాయ నల్లబడటానికి కారణమైన ఎంజైమే చెరుకులోనూ ఉంది. గాలి తగలగానే పని మొదలుపెడుతుంది. ఆ నలుపు వల్ల హాని లేదు, కానీ ఎంతసేపటి కిందటి రసమో అది చెప్పేస్తుంది. లేత ఆకుపచ్చ, పసుపు కలిసిన రంగులో పైన నురుగుతో ఉంటే ఇప్పుడే పిండింది. గోధుమ రంగుకు తిరిగి, అడుగున మడ్డి పేరుకుని ఉంటే జగ్గులో చాలాసేపు నిలిచింది. కొంచెం పుల్లటి వాసన వచ్చిందంటే పులియడం మొదలైనట్టే, అది తాగకూడదు. నిమ్మకాయ పిండితే క్రిములు చస్తాయని ఒక నమ్మకం ఉంది. నిమ్మరసం నల్లబడటాన్ని ఆపుతుంది, రుచి ఇస్తుంది. అయితే గ్లాసు చేతికొచ్చి నోటికి చేరే ఆ రెండు నిమిషాల్లో గడకు పడే అర చెక్క నిమ్మకాయ టైఫాయిడ్ క్రిమిని చంపలేదు. పైగా నిమ్మకాయ ఉంది గదా అన్న ధీమాతో రసాన్ని ఎక్కువసేపు నిలవ ఉంచే అలవాటు కూడా ఉంది. రంగు మారదు కాబట్టి పాతదో కొత్తదో కంటికి తెలియకుండా పోతుంది.

మిషన్లో ఏది పడితే అదే రసంలోకి వస్తుందనడానికి బ్రెజిల్లో జరిగిన ఒక ఘటన గట్టి ఉదాహరణ. 2005లో అక్కడి శాంతా కతరీనా రాష్ట్రంలో రోడ్డు పక్కన చెరుకు రసం తాగినవాళ్లకు షాగస్ అనే జబ్బు సోకి ముగ్గురు చనిపోయారు. ఆ జబ్బును మోసే నల్లి జాతి పురుగు చెరుకుతో పాటు రోలర్ల మధ్య నలిగిపోయి రసంలో కలిసిందని తేల్చారు. షాగస్ మన దగ్గర లేదు. మన బండ్ల చుట్టూ ఉన్నవి ఈగలు, కందిరీగలు. పిప్పి డ్రమ్ము బండికి ఆనించి ఉండి, దానిమీద ముసిరిన ఈగలే చెక్కు తీసి పేర్చిన గడల మీద వాలుతుంటే ఆ గడలు ఎక్కడెక్కడి మురికిని మోసుకొస్తాయో ఊహించుకోవచ్చు.

కాబట్టి ముందు గడలను చూడాలి. పొద్దున్నే కట్టకట్టంతా చెక్కు తీసి నిలబెట్టుకున్న బండి కంటే, ఒక్కో గిరాకీకి అప్పటికప్పుడు గీసి, కడిగి పెట్టే బండి మేలు. గడ కొస తెల్లగా, తడిగా ఉండాలి. కొస ఎండి గోధుమ రంగుకు తిరిగితే పాతబడింది. లోపల ఎర్రటి చారలు, వాటి మధ్య అడ్డంగా తెల్లటి మచ్చలు కనబడి పులిసిన వాసన వస్తే అది ఎర్రకుళ్లు తెగులు సోకిన చెరుకు. అనకాపల్లి రైతుకు దాని గురించి చెప్పనక్కర్లేదు. తెగులు చెరుకు మనిషికి జబ్బు తేకపోవచ్చు గానీ, దాని గుజ్జు అప్పటికే చెడిపోయి ఉంటుంది. అమ్మేవాడు చవగ్గా దొరికిందని అలాంటి గడ పెట్టాడంటే మిగతా విషయాల్లో ఎంత జాగ్రత్తగా ఉంటాడో అంచనా కట్టొచ్చు.

తర్వాత రోలర్ల కొసలు చూడాలి. బేరింగుల దగ్గర నల్లటి గ్రీజు గీతలు రోలరు మీదకు పాకి ఉంటే అది రసంలోకీ దిగుతుంది. స్టీలు రోలర్లు, గేర్లు కనబడకుండా మూతలున్న మిషను అయితే ఆ బాధ తక్కువ. చాలాసేపు గిరాకీ లేక ఆగిన మిషను మళ్లీ తిరిగినప్పుడు మొదటి గ్లాసు మనది కాకపోతే మంచిది. రోలర్ల మీద ఆరిపోయిన పాత రసాన్ని కడుక్కుంటూ వచ్చేది ఆ గ్లాసే.

నీలం రంగు ఐసు ఎందుకు?

చెరుకు రసంలో అసలు సమస్య చాలాసార్లు చెరుకూ కాదు, మిషనూ కాదు, ఐసు. చేపల మార్కెట్టుకూ, ఐసు ఫ్యాక్టరీ నుంచి జ్యూస్ బండికీ వచ్చే పెద్ద దిమ్మలు ఒకటే కావచ్చు. చేపలు చెడిపోకుండా పేర్చడానికి చేసే ఐసు తాగే నీళ్లతో చేయాలన్న పట్టింపు ఉండదు. అది గోనె సంచిలో చుట్టుకుని, ఆటోలో పడుకుని, రోడ్డు మీద దింపి, ఇనపరాడ్‌తో పగలగొట్టించుకుని గ్లాసులోకి చేరుతుంది. గడ్డకడితే క్రిములు చస్తాయన్నది నిజం కాదు. చాలావరకు పెరగడం మానేసి అలాగే ఉంటాయి, కరగగానే మళ్లీ లేస్తాయి.

ఈ గందరగోళాన్ని తప్పించడానికే మహారాష్ట్ర 2018లో ఒక నిబంధన పెట్టింది. తినడానికి కాని ఐసులో నీలం రంగు కలపాలి, తినే ఐసు మాత్రమే రంగు లేకుండా ఉండాలి. రంగు చూస్తే చాలు, ఏది ఎందుకో తెలిసిపోతుంది. మన దగ్గర బండి మీద నీలం ఐసు కనబడితే అక్కడినుంచి వచ్చేయడమే. తెల్లగా ఉంది కాబట్టి మంచిదని మాత్రం అనుకోకూడదు. దిమ్మ అద్దంలా స్వచ్ఛంగా ఉండటమూ శుభ్రతకు గుర్తు కాదు. గడ్డకట్టేటప్పుడు గాలి బుడగలు బయటికి పోయాయా, లోపల చిక్కాయా అన్నదాన్ని బట్టి దిమ్మ పారదర్శకంగానో తెల్లగానో వస్తుంది. క్రిములు రెండింటిలోనూ కనబడవు.

మధ్యలో రంధ్రమున్న గొట్టపు ముక్కల ఐసు, సీలు వేసిన కవర్లో వచ్చేది దిమ్మ ఐసు కంటే నయం. కవరు కట్ చేసి మూత ఉన్న డబ్బాలో పోసుకుని, చిమటాతోనో గరిటెతోనో తీస్తున్నాడా, చేత్తో గుప్పెడు పట్టుకుంటున్నాడా అన్నది కూడా చూసుకోవాలి. అంతకంటే తేలికైన దారి ఒకటుంది: "అన్నా, ఐసు వద్దు" అనడం. చాలా బండ్ల మీద అలా అడిగితే ఐదో పదో ఎక్కువ తీసుకుంటారు. ఎందుకంటే ఐసు పోతే ఆ చోటంతా రసంతోనే నింపాలి. గడల్ని ముందే చల్లటి పెట్టెలో పెట్టి పిండే బండ్లు కొన్ని ఉన్నాయి. అక్కడ ఐసు రసానికి తగలకుండానే చల్లదనం వస్తుంది.

పూరీ మంచిదే, పానీ సంగతేమిటి?

పానీపూరీ, హైదరాబాదులో గప్‌చుప్, ఏ పేరున పిలిచినా అందులో పూరీ చాలా భద్రమైన వస్తువు. నూనెలో వేగి పొడిగా, కరకరలాడుతూ ఉంటుంది. తేమ లేనిచోట క్రిములు పెరగలేవు. పాతబడితే కారు వాసన వస్తుందే తప్ప విరేచనాలు పట్టవు. సమస్య అంతా ఆ పూరీ మునిగే కుండలో ఉంది.

2022 జూన్‌లో నేపాల్‌లోని లలిత్‌పుర్ నగరంలో కలరా కేసులు బయటపడ్డాక అక్కడి నగరపాలక సంస్థ పానీపూరీ అమ్మకాన్నే ఆపేసింది. ఆ నీళ్లలో కలరా బ్యాక్టీరియా ఉందని చెప్పింది. మరుసటి నెలలో తెలంగాణ ప్రజారోగ్య విభాగం సంచాలకుడు రాష్ట్రంలో టైఫాయిడ్ పెరుగుతోందంటూ పానీపూరీనే వేలెత్తి చూపారు. రెండూ వానాకాలపు మాటలే. అది కాకతాళీయం కాదు. మన ఊళ్లలో నల్లా రోజంతా రాదు. నీళ్లు రాని వేళ గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడైనా పగులుంటే చుట్టూ నిలిచిన వాననీరు, మురుగు లోపలికి పీల్చుకుపోతుంది. మొదటి ధారలో అదే బయటికొస్తుంది. ఆ బిందె నీళ్లే సాయంత్రానికి పుదీనా పానీ అవుతాయి.

చింతపండు పులుపు క్రిముల్ని కొంత అదుపు చేసే మాట నిజం. పలచగా చేసిన పానీ కంటే గట్టి పులుపున్న పానీలో అవి నెమ్మదిగా పెరుగుతాయి. అయితే వైరస్‌లను, ముఖ్యంగా కామెర్లు తెచ్చే హెపటైటిస్ ఎ వంటివాటిని, ఆ పులుపు ఏమీ చేయలేదు. ఇక పుదీనా, కొత్తిమీర పచ్చివే రుబ్బుతారు. హైదరాబాదుకు దిగువన మూసీ మురుగు కలిసిన నీళ్లతో ఆకుకూరలు పండిస్తున్న సంగతి పరిశోధకులు చాలాకాలంగా రాస్తూనే ఉన్నారు. ఆకును నాలుగైదు నీళ్లు పోసి మట్టి పోయేదాకా కడిగారా, కట్టను ఒకసారి దులిపి రోట్లో వేశారా అన్నది బండి దగ్గర మనకు తెలియదు. కనబడేవి రెండే ఉన్నాయి.

మొదటిది చెయ్యి. ఒక్కో పూరీకీ బొటనవేలితో చిల్లు పొడిచి, ఆలూ కూరి, మణికట్టు దాకా కుండలో ముంచి ఇచ్చే పద్ధతిలో సాయంత్రమంతా ఆ చేతికి అంటినదంతా కుండలోకి దిగుతూనే ఉంటుంది. కుండకు అడుగున కుళాయి ఉండి పానీ పూరీలోకి పడేలా ఉన్నా, పొడవాటి గరిటెతో పోసినా ఆ సమస్య ఉండదు. గ్లవుజులు వేసుకున్నంత మాత్రాన తేడా రాదు. అదే గ్లవుజుతో నోట్లు తీసుకుని చిల్లర ఇస్తుంటే అది ఇంకో చర్మం, అంతే. డబ్బులు తీసుకునే మనిషి వేరు, పూరీ ఇచ్చే మనిషి వేరు అయిన బండి, లేదా ఫోన్లో స్కాన్ చేయించుకునే బండి మెరుగు.

రెండోది రంగు. పుదీనా, కొత్తిమీరల్లోని ఆకుపచ్చదనం చింతపండు పులుపు తగిలితే గంటా రెండు గంటల్లోనే మాసిపోయి ఆలివ్ రంగుకు, మట్టి రంగుకు తిరుగుతుంది. ఇంట్లో చేసిన పానీ అందుకే అంత అందంగా ఉండదు. రాత్రి తొమ్మిదైనా చిలకపచ్చగా మెరుస్తూ, వేలికి, టిష్యూ కాగితానికి రంగు అంటుతుంటే అందులో రంగు కలిపారనే అర్థం. 2024లో కర్ణాటక ఆహార భద్రత అధికారులు రాష్ట్రమంతా 260 పానీపూరీ నమూనాలు తీసి పరీక్షిస్తే 41 సురక్షితం కాదని తేలాయి. వాటిలో బ్రిలియంట్ బ్లూ, సన్‌సెట్ ఎల్లో, టార్ట్రజీన్ వంటి కృత్రిమ రంగులు దొరికాయి. ఇంకో 18 తినడానికి పనికిరాని నాసిరకం.

ఒక ప్లేటు కట్లెట్ చాట్ ప్రయాణం

సాయంత్రం ఏడు గంటలు, ఊళ్లో సందడిగా ఉండే ఒక కూడలిలో చాట్ బండి అనుకుందాం. "ఒక ప్లేటు కట్లెట్" అని చెప్పి రెండు నిమిషాలు నిలబడి చూస్తే ఆ ప్లేటు ఎలా తయారవుతుందో మొత్తం అక్కడే కనబడుతుంది.

పెద్ద పెనం మధ్యలో రగడా ఉడుకుతోంది. అంచుల్లో బుడగలు వస్తూ, ఆవిరి లేస్తూ ఉంటే ఆ భాగం నిశ్చింతగా తినొచ్చు. అరవై డిగ్రీలు దాటిన వేడిలో క్రిములు పెరగలేవు. మంట తగ్గించి గోరువెచ్చగా వదిలేసిన రగడా అయితే పరిస్థితి తిరగబడుతుంది. బఠాణీ, ఆలుగడ్డ లాంటి పిండిపదార్థాల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాలకు విత్తనాల వంటి రూపం ఉంటుంది. ఉడికించినా అది చావదు. గోరువెచ్చదనం దొరికితే మొలకెత్తి, ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతూ పోతుంది. ఉడికించిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదని, వాతావరణం ముప్ఫై రెండు డిగ్రీలు దాటితే ఒక్క గంటేనని ఆహార భద్రతలో లెక్క. మన వేసవిలో ఏడింటికి కూడా ముప్ఫై రెండు దాటే ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి ఉడికించి, తొక్క తీసి, చేత్తో చిదిమి బేసిన్లో గుట్టపోసిన ఆలూ ముద్ద ఏడింటికి ఎన్నో గంటలో ఉందో లెక్కపెట్టుకోవచ్చు.

కట్లెట్‌ను ఆ ముద్దలోంచే తీసి పెనం మీద వేసి రెండువైపులా ఎర్రగా కాలుస్తున్నాడు. లోపలిదాకా సెగ తగిలేలా కాల్చి, మరుగుతున్న రగడాలో చిదిమితే బేసిన్లో గడిపిన గంటల దోషం చాలావరకు పోతుంది. చాలావరకే, పూర్తిగా కాదు. కలిపిన చేతి పుండు నుంచి స్టెఫిలోకాకస్ పడి ముద్దలో పెరిగి ఉంటే అది విడిచిన విషం ఎంత కాల్చినా పోదు. అందుకే అమ్మే మనిషి వేలికి కట్టు ఉందా, చీముపట్టిన గాయం ఉందా అన్నది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ప్లేట్లోకి వచ్చింది. దాని మీద గుప్పెడు ఉల్లిపాయ ముక్కలు, కొత్తిమీర, ఒక గరిటె పెరుగు, రెండు చట్నీలు, పైన కారప్పూస. కారప్పూస పొడి వస్తువు, భయం లేదు. ఖర్జూరం చింతపండు తీపి చట్నీ మరిగించి చేస్తారు, పులుపూ తీపీ గట్టిగా ఉంటాయి, దానికీ ఫర్వాలేదు. పచ్చ చట్నీ పచ్చిది, పానీకి చెప్పుకున్నదంతా దీనికీ వర్తిస్తుంది. ఉల్లిపాయ ముక్కలు మూత లేని ట్రేలో వాడి, అంచులు ఆరి ఉంటే మధ్యాహ్నం తరిగినవే. పెరుగు ఐసు పెట్టెలో మూతపెట్టి ఉందా, బండి మీద ఎండకు వెచ్చబడి నీళ్లు తేరుకుందా? ఈ నాలుగింట్లో అనుమానమున్నదాన్ని వద్దని చెప్పడం ఎవరికీ ఇబ్బంది కాదు. "పచ్చ చట్నీ వద్దు, ఉల్లిపాయ ఇప్పుడు తరిగి వెయ్యి, పెరుగు వద్దు" అంటే అదే ప్లేటులో ప్రమాదం సగానికి పైగా తగ్గిపోతుంది. రుచి కొంత తగ్గుతుంది, నిజమే.

ఇక ప్లేటు. బండి కింద రెండు బకెట్లు ఉంటాయి. ఒకదాంట్లో తిన్న ప్లేట్లు పడతాయి, రెండోదాంట్లో ఒకసారి ముంచి తీస్తారు. ఆ రెండో బకెట్ నీళ్లు బూడిద రంగుకు తిరిగి, పైన నూనె తేలుతూ, కొత్తిమీర ఆకులు ఈదుతుంటే అందులో ముంచిన ప్లేటు కడిగినట్టు కాదు, అందరి ఎంగిలీ కలిపినట్టు. బాగా రద్దీ ఉన్న బండిలో తిండి తాజాగా ఉంటుందన్న మాటలో నిజం ఉంది, ఆలూ ముద్ద గంటలో అయిపోతుంది. అదే రద్దీలో బకెట్ నీళ్లు మార్చే తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. అందుకని కిటకిటలాడే బండి దగ్గర తిండిని నమ్మి, ప్లేటును మాత్రం ఆకు దొన్నె గానీ ఒకసారి వాడి పారేసేది గానీ అడగడం తెలివైన పని. చెరుకు రసానికైతే ఇంటినుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసో సీసానో ఇచ్చేయొచ్చు.

ముంత మసాలా, పిడత కింద పప్పు అమ్మేవాళ్లు పాత వార్తాపత్రికతో పొట్లం చుట్టివ్వడం ఇంకా ఉంది. పొడి మరమరాల సరుకు కాబట్టి క్రిముల భయం తక్కువే. కానీ నూనె, నిమ్మరసం తగిలిన చోట అచ్చు సిరా కరిగి తిండికి అంటుతుంది. తినే పదార్థాలను వార్తాపత్రికల్లో చుట్టకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016 నుంచీ హెచ్చరిస్తోంది, 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనలు కూడా దాన్ని నిషేధిస్తున్నాయి.

పద్నాలుగు అంకెలు

బండి చిన్నదైనా 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద నమోదు చేయించుకోవాలి. నమోదు పత్రం మీద పద్నాలుగు అంకెల సంఖ్య ఉంటుంది. అది కనబడేలా పెట్టుకున్న బండి కనీసం అధికారుల లెక్కలో ఉన్న బండి. ఏదైనా తేడా వస్తే ఎఫ్ఎస్ఎస్ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో ఫిర్యాదు చేయడానికి ఆ సంఖ్య పనికొస్తుంది. ఈరోజు బకెట్ నీళ్లు మార్చాడా అన్నది మాత్రం ఏ పత్రమూ చెప్పదు.

అందుకే ఒక్కో బండిని విడిగా తనిఖీ చేసే బదులు, చోటు మొత్తాన్ని సరిచేసే పద్ధతి ఒకటి వచ్చింది. 2018లో అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువు తినుబండారాల వీధికి దేశంలో మొదటి క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్‌గా గుర్తింపు వచ్చింది. తర్వాత ఇందోర్‌లోని ఛప్పన్ దుకాన్ లాంటివి చేరాయి. తాగే నీటి కనెక్షను, చెత్త ఎత్తే ఏర్పాటు, అమ్మేవాళ్లకు శిక్షణ అన్నీ ఒకేసారి వచ్చే పద్ధతి అది. రెండు బకెట్లతో నెట్టుకొస్తున్న మనిషికి పక్కనే ఒక కుళాయి ఇస్తే అతని ప్లేట్లు వాటంతటవే శుభ్రపడతాయి. శుభ్రత లోపమని మనం తప్పుపట్టేదాంట్లో సగం నీళ్లు దొరకకపోవడమే.

ఎవరికి ఏది?

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఒక పూట విరేచనాలతో పోయేది గర్భిణికి, చంటిపిల్లలకు, ముసలివాళ్లకు, మధుమేహం, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, కీమోథెరపీలో ఉన్నవాళ్లకు ప్రమాదకరం కావచ్చు. వీళ్లు బండి దగ్గర వేడిగా, కళ్లముందు నూనెలోంచి తీసినవాటికే పరిమితమైతే మంచిది. మిరపకాయ బజ్జీ, పునుగులు, అప్పుడే దించిన సమోసా, చట్నీ లేకుండా. పానీపూరీ మీద మనసు లాగితే పొడి పూరీలు పొట్లం కట్టించుకుని, ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లతో పానీ చేసుకోవచ్చు. పది నిమిషాల పని. చెరుకు రసం వాళ్లకు బండి మీద వద్దనే చెప్పాలి, పిండాక కాచి తాగే పానీయం కాదు కదా. ఆ దాహానికి కళ్లముందు కొట్టించిన కొబ్బరి బొండాం మేలు. గ్లాసులో పోయించుకోకుండా కాయలోంచే తాగితే సరి.

మిగతావాళ్లకు కూడా వానాకాలంలో ఒక మెట్టు జాగ్రత్త అవసరం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పానీ, పచ్చ చట్నీ, ఐసు మూడూ పక్కన పెట్టి, పెనం మీద మరిగేవాటితో సరిపెట్టుకుంటే చాట్ మానేయాల్సిన పనిలేదు.

నిన్న తిన్నదే కారణమా?

ఇంత చూసుకున్నా ఒక్కోసారి కడుపు పాడవుతుంది. అప్పుడు అందరూ చేసే పని, ఆఖరున తిన్న బండిని తిట్టడం. తిన్న ఒకటి నుంచి ఆరు గంటల్లోపు వాంతులు పట్టుకుంటే ఆ అనుమానం సరైనదే కావచ్చు, అది ముందే తయారై ఉన్న స్టెఫిలోకాకస్ విషం పని. కలరా కొన్ని గంటల నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది. టైఫాయిడ్ జ్వరం మొదలవడానికి సాధారణంగా వారం నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. హెపటైటిస్ ఎ కామెర్లకు సగటున నాలుగు వారాలు. ఈరోజు వచ్చిన జ్వరానికి నిన్నటి గప్‌చుప్ కాదు, పోయిన పక్షంలో పెళ్లిలో తాగిన మంచినీళ్లు కారణం కావచ్చు.

విరేచనాలు మొదలవగానే ఓఆర్ఎస్ పట్టాలి. పెద్ద ప్యాకెట్టు మొత్తాన్ని ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి, సగం సగం కలిపితే ఉప్పు, చక్కెరల పాళ్లు తప్పుతాయి. మందుల దుకాణంలో పొడి ప్యాకెట్టు అడిగి, దానిమీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోవాలి. పండ్లరసం డబ్బాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేసి అమ్మడాన్ని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆపించింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టరు శివరంజని సంతోష్.

విరేచనాల్లో రక్తం, గంజిలాంటి నీళ్ల విరేచనాలు ఆగకుండా అవడం, మూత్రం రాకపోవడం, పిల్లలు మగతగా పడి ఉండటం కనబడితే ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మూడు నాలుగు రోజులైనా తగ్గని జ్వరం అయితే ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర వేసుకోకుండా వెళ్లాలి. టైఫాయిడ్‌ను గట్టిగా తేల్చేది రక్తం కల్చర్ పరీక్ష, మాత్ర ముందే పడితే అందులో క్రిమి దొరక్కపోవచ్చు. వెళ్లేటప్పుడు నిన్న మొన్నటిది కాదు, గత మూడు వారాల్లో ఎక్కడెక్కడ తిన్నారో, ఏ నీళ్లు తాగారో ఒక కాగితం మీద రాసుకుని డాక్టరుకు చూపించాలి.